ఒక్క పేజీలో మనవరాలు

మా రోజుల్లో బయోడేటా అనేవాళ్లం. ఫుల్‌స్కేప్ కాగితం మీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొట్టించుకునేవాళ్లం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం, కులం, పదో తరగతి మార్కులు, చివర "పైన పేర్కొన్నవన్నీ సత్యములు" అని సంతకం. కింద గెజిటెడ్ ఆఫీసరు ముద్ర. మనిషి ఏం చేశాడో ఆ కాగితంలో ఎక్కడా ఉండేది కాదు, ఎవరి కొడుకో మాత్రం స్పష్టంగా ఉండేది.

ఇప్పుడు మా మనవరాలు అమెరికాలో ఎంబీఏకి దరఖాస్తు పెడుతోంది. తండ్రి పేరు వద్దట, ఫొటో వద్దట, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా కూడా వద్దట. అక్కడి కాలేజీలు చాలావరకు ఒక్క పేజీయే అడుగుతాయట. "నిన్ను ఎవరూ పుట్టించలేదా?" అన్నాను. "తాతయ్యా, అక్కడ అలాగే" అంది. సరే, ముప్ఫై ఏళ్లు బ్యాంకులో వోచర్లు చూసినవాణ్ణి, అదీ చూద్దామని కళ్లజోడు పెట్టుకున్నాను.

మొదటి ప్రతి మూడు పేజీలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయిదేళ్ల ఉద్యోగం, దానికి ఒకే శీర్షిక: సీనియర్ ఇంజినీరు, 2020 నుంచి 2025. ట్రెయినీగా చేరింది, ఇంజినీరయింది, తర్వాత సీనియర్ అయింది. రెండు ప్రమోషన్లూ ఆ ఒక్క గీతలో మునిగిపోయాయి. మా బ్యాంకులో సర్వీసు రిజిస్టరు చూస్తే ప్రతి మెట్టుకీ తేదీ ఉండేది. అలాగే విడగొట్టమన్నాను. కంపెనీ పేరు ఒకసారే, దాని కింద మూడు హోదాలు, తేదీలతో, తాజాది పైన. తాజా హోదాకి నాలుగు వాక్యాలు, నడిమిదానికి రెండు, ట్రెయినీ రోజులకి ఒక్కటే చాలు. ఎదిగిన తీరు చదివేవాడి కంటికి అప్పుడే కనబడుతుంది.

అసలు గొడవ వాక్యాల దగ్గర వచ్చింది. "క్లెయిముల విభాగపు బాధ్యతలు నిర్వర్తించాను" అని రాసుకుంది. ఇది మా బయోడేటా భాషే! కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ బాధ్యత నిర్వర్తిస్తాడు. "నువ్వు రాకముందు ఎలా ఉండేదే, నువ్వేం చేశావు, తర్వాత ఏమైంది?" అని గుచ్చి గుచ్చి అడిగితే కథ బయటికొచ్చింది. రాత్రిపూట క్లెయిముల ఫైలు తయారవడానికి ఆరు గంటలు పట్టేదట. వీళ్లు పనిచేసిపెట్టే అమెరికా బీమా ఆఫీసు తెరిచేసరికి సిద్ధమయ్యేది కాదు. ఎవరూ చెప్పకుండానే ఈ పిల్ల లోపం పట్టుకుని, మేనేజరుని ఒప్పించి, ముగ్గురు జూనియర్లతో ఆ ప్రోగ్రాం మళ్లీ రాయించింది. ఇప్పుడు రెండు గంటలే. ఇంత చేసి పెట్టుకుని బాధ్యతలు నిర్వర్తించానట!

అయితే రెండో ప్రతిలో అటువైపు దొర్లింది. "పన్నెండు మంది బృందానికి నాయకత్వం వహించి, ఉత్పాదకత 300 శాతం పెంచాను." స్నేహితులెవరో నేర్పారట, ప్రతి వాక్యంలో అంకె ఉండాలని. పన్నెండు మందీ ఆ బృందంలో ఉన్నారు, నిజమే, కానీ ఈమె నడిపింది ముగ్గురిని. మూడొందల శాతం ఎక్కడిదని అడిగితే నసిగింది. ఆడిట్‌లో ఇలాంటి పద్దు కనబడితే మేం పెన్ను కింద పెట్టేవాళ్లం కాదు. సిఫార్సు లేఖ రాసేది ఆ మేనేజరే. ఆయన ముగ్గురని రాసి, ఈమె పన్నెండని రాస్తే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లున్నారు. సీటొచ్చాక కూడా ఉద్యోగ వివరాలు సరిచూసే కాలేజీలున్నాయి.

చివరికి తెలుగులో చెప్పాలంటే ఇలా తేలింది: "ముగ్గురు ఇంజినీర్లను నడిపి, రాత్రి క్లెయిముల ఫైలు తయారీని ఆరు గంటల నుంచి రెండుకి తగ్గించాను, ఉదయం ఆఫీసు తెరిచేలోపు అందుతోంది." నాయకత్వం ఉంది, ఫలితం ఉంది, దానివల్ల ఎవరికి మేలో ఉంది. ప్రోగ్రామింగ్ భాషల చాంతాడంత జాబితా కొట్టేయించాను. చదివేది అడ్మిషన్ల ఆఫీసువాళ్లు, వాళ్లకి ఆ పేర్లతో పనేముంది? ఆదివారాలు బస్తీ పిల్లలకి లెక్కలు చెబుతుంది, అది అడుగున ఒక్క వరస. జాగా చాలట్లేదని అక్షరాలు చీమ తలకాయలంత చేయబోయింది. సైజు పదికి తగ్గితే నేను చదవనన్నాను. మాట తగ్గించుకోవాలి గానీ అక్షరం తగ్గిస్తే ఎలా?

నాకీ "నేను నడిపాను, నేను తగ్గించాను" ఇప్పటికీ మింగుడుపడదు. మా రోజుల్లో "మేము" అనేవాళ్లం. అయినా మా బయోడేటా కన్నా ఈ పేజీయే నయం, రాసింది నిజమైతే. చాలా కాలేజీల్లో ఇంటర్వ్యూ చేసే పూర్వవిద్యార్థి చేతిలో ఈ ఒక్క కాగితమే ఉంటుందట. కాబట్టి దరఖాస్తు పెట్టే పిల్లలకి నా మాట: ఏ వాక్యం గురించి అడిగినా రెండు నిమిషాలు తడుముకోకుండా చెప్పలేకపోతే, దాన్ని పంపేముందే కొట్టేయండి.