క్రియ లోపల దున్నపోతు

తెలుగులో నామం క్రియలో ఇమిడిపోతుందని చాలా ఏళ్లు నమ్మాను. భాషాశాస్త్రంలో నౌన్ ఇన్‌కార్పొరేషన్ అనేది ఇదేనని క్లాసులో ధీమాగా చెప్పాను కూడా. నా ఆధారమల్లా ‘పాట పాడింది’ లాంటి మాటలు. అక్కడ ‘పాట’కు ద్వితీయా విభక్తి లేదు, ఏ పాటన్నది ముఖ్యం కాదు, పాడడమే అసలు సంగతి. ‘పాటను పాడింది’ అంటే మాత్రం ఫలానా పాట గుర్తొస్తుంది. అర్థంలో ఇంత తేడా ఉంది కాబట్టి మొదటిదాంట్లో నామం క్రియలో కలిసిపోయిందని తేల్చేశాను. అర్థాన్ని చూసి రూపం మీద తీర్పు చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని. అది తెలిసొచ్చింది సవర భాష దగ్గర.

సవర మనకు పరాయి భాషేమీ కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యాల్లోనూ, పక్కనే ఒడిశా కొండల్లోనూ మాట్లాడే ముండా కుటుంబపు భాష. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ దాన్ని నేర్చుకుని 1931లో వ్యాకరణం అచ్చు వేయించారు. వ్యావహారిక భాషోద్యమం వల్ల ఆయన పేరు రోజూ తలుచుకునే నేను ఆ పుస్తకం మాత్రం తెరవలేదు. ఇప్పటికీ నన్ను బాధించేది ఇదే.

‘వాళ్లు దున్నను తింటున్నారు’ అనడానికి సవరలో ‘అనిన్‌జి బొంగ్‌తెలన్‌అదొంగ్ జొమ్‌తెజి’ అంటారు. ‘బొంగ్‌తెల్’ అంటే దున్న, ‘అదొంగ్’ మన ‘ను’ లాంటి కర్మ ప్రత్యయం, ‘జొమ్’ తినడం. ఇందులో కర్మ ముందూ క్రియ వెనకా, అచ్చం మన వాక్యంలాగే ఉంది. ఇదే మాటను ఇంకోలా అంటే ‘అనిన్‌జి జొమ్‌బొంగ్‌తెన్‌జి’. వాళ్లు చేస్తున్న పని దున్న మాంసం తినడం, ఏ దున్న అన్న ప్రశ్న లేదు.

ఈ రెండో మాటను విడదీసి చూడండి: జొమ్, బొంగ్, తె, న్, జి. ‘బొంగ్‌తెల్’ కురచై ‘బొంగ్’ అయింది. కర్మ ప్రత్యయం పోయింది. క్రియకు ముందుండాల్సిన నామం ధాతువు దాటి వెళ్లి, ధాతువుకీ కాలాన్ని చెప్పే ‘తె’కీ మధ్య కూర్చుంది. వీటన్నిటికంటే ముఖ్యం, మొదటి వాక్యపు క్రియలో లేని ‘న్’ ఒకటి వచ్చింది. అది అకర్మక క్రియకు వచ్చే గుర్తు. దున్న క్రియ లోపలికి వెళ్లిపోయింది కాబట్టి, వ్యాకరణం లెక్కలో ఆ క్రియకు ఇక కర్మ లేదు.

ఈ కళ్లతో ‘పాట పాడింది’ చూస్తే ఏమీ మిగలదు. ‘పాట కూడా పాడింది’ అనొచ్చు, ‘పాటే పాడింది’, ‘పాట ఎంత బాగా పాడింది!’, ‘పాడింది పాట’ కూడా అనొచ్చు. నామం ఎక్కడికి కావాలంటే అక్కడికి కదులుతోంది, దానికీ క్రియకీ మధ్య మాటలు దూరుతున్నాయి. ఇది మామూలు కర్మ, మామూలు క్రియ. ప్రాణం లేనివాటికి తెలుగులో విభక్తి తరచుగా రాదు, అంతే. అదే దున్న విషయంలో ‘దున్నను’ అనక తప్పదు.

సమాసం సంగతి వేరు. ‘కల్లుగీత’లోనూ ఒక నామం, ఒక ధాతువు ఉన్నాయి, మధ్యలో ఏదీ దూరదు. కానీ తయారైంది నామం. ‘కల్లుగీత మానేశాడు’ అనాలంటే ఇంకో క్రియ కావాలి, ‘కల్లు గీశాడు’ అన్నామో కల్లు మళ్లీ విడి కర్మ అయిపోతుంది. సవరలోనూ కురచ రూపాలు నామ సమాసాల్లో వస్తాయి. కాబట్టి పేరు కురచైనంత మాత్రాన ఇమిడినట్టు కాదు. దాని వెనకే కాలమూ పురుషా చేరి మొత్తం ఒక క్రియగా నడవాలి.

‘చేపట్టు’ ఉందిగా అని ఆ తర్వాతా కొన్నాళ్లు పట్టుబట్టాను. చేయి కురచై ‘చే’ అయింది, ‘చే కూడా పట్టాడు’ అనలేం, ‘చేపట్టాడు’ అని కాలమూ చేరుతుంది. అప్పుడొక విద్యార్థిని అడిగింది: “మరి ఇదే పద్ధతిలో కాలుతో ఒకటి చెయ్యండి సార్?” చెయ్యలేకపోయాను. చేపట్టు, తలపెట్టు లాంటివి ఎప్పుడో గడ్డకట్టి నిఘంటువుకు చేరిన సమాస క్రియలు. సవరలో అది నడుస్తున్న పద్ధతి, ఒకే ధాతువులోకి వేరువేరు నామాలు వస్తాయి. అలాగని ఈ రెండిటి మధ్యా గోడ లేదు. మరియాన్ మితున్ 1984లో ప్రచురించిన వ్యాసంలో నామం ఇమడడం ఇలాంటి సమాసంతోనే మొదలై, కొన్ని భాషల్లో మరింత దూరం వెళుతుందని వాదించింది.

సవర ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక్క మాట చాలు: ‘ఞమ్‌కిద్‌తమ్’. ‘ఞమ్’ పట్టుకోవడం, ‘కిద్’ అన్నది పులికి (‘కినా’) కురచ రూపం, చివరి ‘అమ్’ నిన్ను. ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అని దాని అర్థం. ఇక్కడ క్రియలోకి వెళ్లింది కర్మ కాదు, కర్త. కర్మ ‘అమ్’గా మిగిలే ఉంది కాబట్టి అకర్మకపు ‘న్’ కూడా రాలేదు. ప్రపంచ భాషల్లో ఇది చాలా అరుదు.