వినకూడని సలహాలు: సాగర్ కథను తేదీల పట్టికగా మార్చేవారికి

“అంకెలున్న వాక్యాలు ఏరి పట్టికలో పెట్టు, చాలు.” ప్రాజెక్టు చరిత్రను కథనంలోంచి పట్టికలోకి దించేవారికి మొదట దొరికే సలహా ఇదే. దయచేసి వినకండి. ఈ పేరా చూడండి:

“ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. క్రెస్ట్ గేట్లు 1974లో పూర్తయ్యాయి. శంకుస్థాపనకు ముందు ఏడాదే నాగార్జునకొండలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి.”

అంకెలు మాత్రమే ఏరితే శంకుస్థాపనా పోతుంది, తవ్వకాలూ పోతాయి. అందుకే ‘రెండేళ్లకు’, ‘ముందు ఏడాదే’ లాంటి మాటల కింద ముందే గీత గీసుకోవాలి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. దానికి రెండు కలిపితే 1955 వస్తుంది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956తో లెక్క మొదలుపెడితే శంకుస్థాపన 1958కి జారిపోతుంది. ఈ తప్పు నేనూ చేశాను.

రెండో సలహా: “రోజు తెలియకపోతే ఒకటో తారీఖు వెయ్.” కథనం ఏడాదే చెబితే పట్టికలోనూ ఏడాదే ఉండాలి. ఎక్సెల్‌లో Dec 1955 అని కొడితే అది తనంతట తానే డిసెంబరు 1గా దాచుకుంటుంది. అసలు శంకుస్థాపన జరిగింది డిసెంబరు 10న. కాబట్టి ఏమీ కొట్టకముందే తేదీల కాలమ్‌ను Textగా మార్చి, తెలిసినంత మేరకే ఏడాది, నెల, రోజు వరుసలో రాయండి. అలా రాస్తే అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమం చెడదు. 1900కు ముందు తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు కనుక ధవళేశ్వరం ఆనకట్టకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. పై పేరా ఒక్కటే ఆధారమైతే పట్టిక ఇలా ఉంటుంది:

| తేదీ | జరిగింది | ఎలా తెలిసింది |
|---|---|---|
| 1954 | నాగార్జునకొండలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలు | లెక్క: శంకుస్థాపన − 1 |
| 1955 | శంకుస్థాపన | లెక్క: 1953 + 2 |
| 1967-08-04 | కాలువలకు నీళ్లు | నేరుగా |
| 1974 | క్రెస్ట్ గేట్లు పూర్తి | నేరుగా |

మూడో కాలమ్‌ను అనవసరమని తీసేయమంటారు. తీయకండి. శంకుస్థాపన రోజు ఇంకో ఆధారంలో దొరికినప్పుడు ఏ వరుస దిద్దాలో చెప్పేది అదే. పైగా శంకుస్థాపన ఏడాది తప్పయితే తవ్వకాల ఏడాదీ తప్పుతుందని ఆ కాలమ్ చూస్తేనే తెలుస్తుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది “ప్రాజెక్టు పూర్తయిన తేదీ ఒక్కటే ఉంచు” అనే సలహా. సాగర్ 1967లో పూర్తయిందని ఒకచోట, 1974లో అని ఇంకోచోట చదువుతాం. ఒకటి కొట్టేసే ముందు ‘పూర్తయింది’ అన్న మాటకు కర్త ఏదో వెతకండి. ఒకరు నీళ్లు వదలడాన్ని లెక్కపెట్టారు, మరొకరు గేట్లను. కర్త దొరికితే రెండు వరుసలు రాయండి. దొరకకపోతే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు పక్కన పెట్టి, రాసినవారిని అడగండి.