పద్నాలుగు గడుల సంక్రాంతి

మీకూ వచ్చే ఉంటుంది ఈ సంక్రాంతి పట్టిక. రాకపోతే మీకు బంధువులు తక్కువన్నమాట, అదృష్టవంతులు. నాకు డిసెంబరు 31 రాత్రి మొదలై తెల్లవారేలోపు ఐదుగురు పంపారు. అందులో ఒకరు మా మరిది. పద్నాలుగు గడులు, గడికో బొమ్మ, బొమ్మ పక్కన టిక్కు పెట్టుకోవడానికి బుల్లి చదరం. మొదటి గడిలో చీపురు, చివరి గడిలో భోగిమంట. అడుగున బంగారు రంగు అక్షరాల్లో ‘ఒత్తిడి లేని సంక్రాంతి’ అని రాసి ఉంది. జనవరి 1న మొదలుపెట్టి రోజుకో టిక్కు కొట్టుకుంటూ పోతే 14వ తేదీ భోగినాడు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని కాఫీ తాగుతూ కూర్చోవచ్చట. ఆ కాఫీ ఎవరు పెడతారో మాత్రం ఏ గడిలోనూ లేదు.

ఇన్నేళ్లుగా మేం పండగ ఎలా చేశామో నాకిప్పుడు ఆశ్చర్యంగా ఉంది. మా అత్తగారి దగ్గర గడులు లేవు. గోడకి క్యాలెండరు ఉండేది, దాని మీద పాలవాడి లెక్క ఉండేది.

సరే, పట్టిక చూద్దాం. 1వ రోజు నేల కడగడం, 3వ రోజు బూజు దులపడం. అంటే కడిగిన నేల మీదే బూజు రాలుతుంది. పైనుంచి కిందికి రావాలని మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి తెలుసు, బంగారు రంగు అక్షరాలకి తెలియలేదు. 5వ రోజు ‘ఊరి నుంచి వచ్చేవాళ్ల టికెట్లు చూడటం’. రైలు రిజర్వేషను అరవై రోజుల ముందే తెరుస్తారు. పండగకి రాజమండ్రి రావాలనుకునే హైదరాబాదు వాళ్లు నవంబరు మధ్యలో పొద్దున్నే ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఎనిమిదీ అయిదుకి లేచి మొహం కడుక్కుంటారు, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్నాక. జనవరి 5న టికెట్లు చూడొచ్చు, నిజమే. చూడటానికేం? 10వ రోజు బొబ్బట్లు చేసి ఫ్రిజ్‌లో పెట్టడం. దీని మీద నేనేమీ రాయను, రాస్తే మాట జారుతుంది. 14వ రోజు ‘ముగ్గు, పది నిమిషాలు’. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి రోజూ చీకటితో లేచి చుక్కలు పెట్టి, పేడ దొరికినచోట గొబ్బెమ్మలు పెట్టే ఆడవాళ్లంతా దీన్ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించుకుని వాకిట్లో అంటించుకోవచ్చు.

ఇవన్నీ క్షమించాను. నా ఒళ్లు మండించినది 12వ గడి.

‘12వ రోజు: అరిసెలు. 45 నిమిషాలు.’

నలభై ఐదట. యాభై కాదు, గంట కాదు, నలభై ఐదు. ఎవరో స్టాపువాచీ పెట్టుకుని కొలిచినట్టు. పైగా ఈ ఏడు 12వ తేదీ సోమవారం. ఆఫీసు నుంచి ఆరింటికి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఏడుంపావుకల్లా అరిసెలు డబ్బాలో సర్ది టిక్కు కొట్టాలన్నమాట.

అరిసె ఎక్కడ మొదలవుతుందో చెప్తాను. బియ్యం నానబోయడంతో మొదలవుతుంది. కనీసం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, ఒకటిన్నర రోజు నానితే ఇంకా మంచిది. పూటపూటకీ నీళ్లు మార్చాలి, లేకపోతే వాసన పట్టేస్తుంది. నానాక నీళ్లు ఓడ్చి బట్ట మీద పరవాలి, కానీ ఆరబెట్టకూడదు. గింజ పట్టుకుంటే తడి తెలియాలి, చేతికి నీరు అంటకూడదు. అక్కణ్ణుంచి మరకి. గోధుమలాడే మరలో తడి బియ్యం పోయనివ్వరు, తడి పిండికి మర వేరు. పండగ వారంలో దాని ముందు గిన్నెలు వరస కట్టి ఉంటాయి, గిన్నె వెనక గిన్నె, మూతల మీద పేర్లు. పిండి ఇంటికొచ్చాక జల్లించి, వేళ్లతో నొక్కి, మీద తడిగుడ్డ కప్పాలి. గుప్పిట్లోకి తీసుకుని బిగిస్తే ముద్ద కట్టాలి. తడి ఆరిందా, అరిసె అంచులు పగిలిపోతాయి. ఇంతవరకూ వచ్చేసరికి పొయ్యి వెలిగించలేదు. పట్టికలోని నలభై ఐదు నిమిషాలు బియ్యం కడగడం దగ్గరే అయిపోయాయి.

11వ గడిలో బియ్యం నానబోయమని రాసి ఉందేమో అని వెతికాను. ఉన్న మాట చెప్తాను, 11వ గడిలో ‘మీ కోసం మీరు సమయం కేటాయించుకోండి’ అని ఉంది. దాని పక్కన కొబ్బరిబొండాం బొమ్మ.

ఇక పాకం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేసుకుంటాం మేము, ఇంటింటికీ లెక్క కాస్త మారుతుంది. బెల్లం కరిగించి వడకట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టాక పక్కనే పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకోవాలి. నురగ పొంగుతున్నప్పటినుంచీ చుక్క చుక్క ఆ నీళ్లలో వేసి చూస్తూ ఉండాలి. మొదట చుక్క నీళ్లలో కరిగిపోతుంది. కాసేపటికి తీగలా సాగుతుంది. ఇంకాసేపటికి వేళ్లతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ అవుతుంది, పళ్లెం వంచితే జారకుండా నిలుస్తుంది. అదీ అరిసె పాకం. దానికి ముందు దించితే లేత, అరిసె నూనెలో వేయగానే విచ్చిపోయి బూరెలమూకుడంతా గసగసాలు తేలతాయి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ముదురు, అరిసె రాయి అవుతుంది. బెల్లం రకాన్ని బట్టి ఆ ఘడియ ఒకసారి ముందొస్తుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. టైమరు పెట్టుకుంటే తెలియదు, పళ్లెంలో చూస్తేనే తెలుస్తుంది.

పాకం వచ్చిందని తెలిసిన క్షణంలో దించి, పిండి పోస్తూ ఉండలు కట్టకుండా తిప్పాలి. పోసే చేతులు వేరు, తిప్పే చేతులు వేరు. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. రెండు కిలోల చలిమిడి తెడ్డుకి పట్టుకుని లాగుతుంటే భుజం దిగిపోతుంది. తర్వాత నెయ్యి రాసిన ఆకు మీద తట్టేవాళ్లు ఒకరు, నూనెలో వేసి తిప్పేవాళ్లు ఒకరు, తీసినవాటిని చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కేవాళ్లు ఒకరు. అరిసెలు ఒక జట్టు పని. అందుకే మా చిన్నప్పుడు వీధిలో నాలుగిళ్లవాళ్లు వంతులేసుకుని చేసుకునేవాళ్లు, ఇవాళ వాళ్లింట్లో, రేపు మనింట్లో.

నలభై ఐదు నిమిషాల అరిసెలు నేనూ చేశాను, దాచడమెందుకు? ముందటేడు ఆఫీసులో సెలవు దొరకలేదు. కొట్లో పొడి బియ్యప్పిండి ప్యాకెట్టు తెచ్చి, నీళ్లు చిలకరించి, తడిపిండేలే అనుకున్నాను. పాకం బాగానే వచ్చింది. కానీ పొడిపిండి ఆ పాకాన్ని పీల్చేసింది, చలిమిడి ఇసకలా విడిపోయింది. ఎలాగో తట్టి వేయించాను. మర్నాడు మా మరిది ఒకటి కొరికాడు. అటు తిప్పి ఇంకోవైపు కొరికాడు. టీలో ముంచి కాసేపు ఉంచి మళ్లీ కొరికాడు. చివరికి “వదినా, సుత్తి ఎక్కడుంది?” అన్నాడు. ఆ మరిదే నాకిప్పుడు 12వ గడి పంపాడు, కింద రెండు దణ్ణాలు పెట్టి.

ఇక్కడితో నవ్వులు చాలు.

ఆ పట్టిక మళ్లీ చదవండి. బూజు దులపాలి. డబ్బాలు కడగాలి. సరుకులు తేవాలి. పాకం పట్టాలి. పక్కలు వేయాలి. వడ్డించాలి. కర్త ఎక్కడా కనబడదు. ఎవరు దులపాలి, ఎవరు కడగాలి అని రాయలేదు. రాయక్కర్లేదు కూడా, ప్రతి క్రియ చివరా ‘ఆలి’ ఉంది కదా! పద్నాలుగు గడుల్లోనూ ఆవిడే ఉంది. ‘ఆమె పని తేలిక చేద్దాం’ అంటూ పద్నాలుగు రోజుల పనీ వరసగా ఆమె నెత్తిన పెట్టి, చేయలేకపోతే ప్రణాళిక లేకపోవడం నీ తప్పు అంటోంది ఈ కాగితం. పండగ నాలుగు రోజుల్లో ఎవరైనా అలిసిపోతే పండగ కదా అని సరిపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు అలిసిపోవడమూ చేతకానితనమే, టిక్కు పడని గడి సాక్ష్యం.

పని ఎక్కువైంది గడులు లేక కాదు, మనుషులు తగ్గి. నాలుగిళ్లు కలిసి చేసింది ఒకింట్లో ఒక మనిషి చేస్తోంది. దాన్ని పద్నాలుగు ముక్కలు చేసినంత మాత్రాన చేతులు రెండు మూడవుతాయా? పట్టిక వేయాలంటే వేయండి, రోజు ఎదురుగా పని రాసి, పని ఎదురుగా పేరు రాయండి. ‘బూజు: నాన్న. మర దగ్గర వరస: పెద్దాడు. తెడ్డు: మరిది.’ అలా రాసిన పట్టిక ఒక్కటి, ఎవరైనా నాకు పంపారా?

రోజుల వరస అంటారా, అది మా అత్తగారికి తెలుసు. నిలవుండేది ముందు, నిలవుండనిది వెనక, అంతే. నెల నిలవుండే జంతికలు మొదటి వారంలో. అరిసెలు, సున్నుండలు భోగికి మూడు నాలుగు రోజుల ముందు. బొబ్బట్లు పండగనాడు. కనుమనాడు గారె పొయ్యి మీంచి నేరుగా విస్తట్లోకి. చుట్టాలు దిగేది భోగి ముందురోజు తెల్లవారుజామున నాలుగింటికి, కాబట్టి పక్కబట్టలు అంతకుముందు ఆదివారమే ఎండలో వేయాలి. కనుమనాడు కాకైనా కదలదు కనక వాళ్లు ముక్కనుమ దాకా ఉంటారు, బియ్యం ఆ లెక్కన పోయాలి. ఇది ఆవిడకి నోటికి రావడానికి ముప్పై సంక్రాంతులు పట్టింది. బంగారు రంగు అక్షరాలు పట్టలేదు.

అందుకని ఈ ఏడు నా పట్టిక ఇది. శుక్రవారం, 9వ తేదీ సాయంత్రం రెండు కిలోల బియ్యం నానబోస్తున్నాను. శనివారం రెండు పూటలా నీళ్లు నేనే మారుస్తాను. ఆదివారం పొద్దున ఏడింటికి మర దగ్గర గిన్నె పట్టుకుని నిలబడటానికి ఒకరు, పదింటికి తెడ్డు తిప్పడానికి ఒకరు, చెక్కల దగ్గర నొక్కడానికి ఒకరు కావాలి. నాకు ఆ పద్నాలుగు గడులు పంపినవాళ్లు ఐదుగురున్నారు. అందులో నలుగురు ఈ ఊళ్లోనే ఉంటారు. ఇల్లు మీకు తెలుసు.