పండగ కార్మికుడిది, తేదీ కంపెనీది

పండగనాడు కూడా ఆగకుండా నడిచే ఫ్యాక్టరీలలో ఒక సిద్ధాంతం చాలాకాలంగా స్థిరపడి ఉంది. దాని ప్రకారం పండగ అనేది పంచాంగంలో కనిపించే తిథి కాదు, మేనేజరు వీలునుబట్టి ఏ మంగళవారానికైనా జరపదగిన బాకీ. దసరానాడు రియాక్టరు దగ్గర నిలబడిన ఆపరేటరుకు నవంబరులో ఒకరోజు సెలవిస్తే దసరా ఇచ్చినట్టే లెక్క. ఇవ్వలేకపోతే, ఇవ్వాలన్న సదుద్దేశం ఉంది కనుక ఇచ్చినట్టే లెక్క. అతడు అడగకపోతే అతడికి అక్కరలేదని లెక్క. ఈ మూడు లెక్కలలో ఏది చూసినా కంపెనీ ఖాతాలో బాకీ కనిపించదు. ఇంతటి పకడ్బందీ గణితానికి కార్మికులు పెట్టుకున్న ముద్దుపేరు 'సీ-ఆఫ్', అంటే సెలవు రోజున పనిచేసినందుకు బదులుగా మరో రోజున దొరకవలసిన పరిహార సెలవు.

ఈ గణితాన్ని ఆస్వాదించాలంటే ముందుగా చట్టం ఏమంటుందో తెలియాలి. ఫ్యాక్టరీలు, సంస్థలలో జాతీయ, పండుగ సెలవుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి ప్రత్యేక చట్టం ఉంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో కూడా అదే చట్టం కొనసాగుతున్నది. తమిళనాడు, కేరళ, కర్ణాటకలలో అంతకుముందే వచ్చిన చట్టాలదీ ఇంచుమించు ఇదే పోలిక. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి జాతీయ దినాలను చట్టమే నిర్ణయించగా, పండగ సెలవులను యజమానితోనూ ఉద్యోగులతోనూ సంప్రదించి ఇన్‌స్పెక్టరు ఖరారు చేస్తాడు. ఆ రోజుల్లో పని తప్పనిసరైతే కనీసం 24 గంటల ముందు ఉద్యోగికి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అలా పనిచేసిన ఉద్యోగికి రెండు దారులుంటాయి: ఆ రోజుకు రెట్టింపు వేతనం తీసుకోవడం ఒకటి, ఆ రోజు వేతనంతోపాటు వేతనంతో కూడిన మరో సెలవు తీసుకోవడం రెండోది. ఈ రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కును చట్టం ఉద్యోగికే ఇచ్చింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత సరిగ్గా ఇక్కడే అక్కరకు వస్తుంది. ఎంపిక ఉద్యోగిదని చట్టం చెబితే, 'మా కంపెనీలో డబుల్ లేదు, సీ-ఆఫ్ మాత్రమే' అని టైమ్ ఆఫీసు కిటికీ చెబుతుంది. ఆ మాట వెనుక లాభనష్టాల లెక్క స్పష్టంగానే ఉంది. రెట్టింపు వేతనమంటే ఆ నెల జీతాల పట్టికలో కనిపించే ఖర్చు. సీ-ఆఫ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు, రద్దీ లేనప్పుడు, మరొకరిని ఆ స్థానంలో నిలబెట్టనవసరం లేని రోజున తీర్చుకోగల ఖర్చు. పైగా ఆ సీ-ఆఫ్‌కు కంపెనీ ఒక గడువు కూడా పెడుతుంది: ముప్ఫై రోజుల్లోనో అరవై రోజుల్లోనో వాడుకోకపోతే అది మురిగిపోతుంది. వాడుకోవాలంటే షిఫ్ట్ ఇన్‌చార్జ్ అనుమతి కావాలి, ఇన్‌చార్జ్ అనుమతించాలంటే రిలీవరు ఉండాలి, రిలీవరును నియమిస్తే ఖర్చు పెరుగుతుంది కనుక రిలీవరు ఉండడు. సెలవు ఇవ్వనివాడే సెలవు వాడుకోలేదని ఉద్యోగి మీద తప్పు మోపే ఈ ఏర్పాటును మానవ వనరుల నిర్వహణ అంటారు.

అసలు ఈ గడువు ఆలోచన ఎక్కడ పుట్టిందో చూస్తే వ్యంగ్యం ఇంకా చిక్కబడుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 53వ సెక్షను పండగల గురించి కాక వారపు సెలవుల గురించి చెబుతూ, మినహాయింపు ఉత్తర్వుల వల్ల కార్మికుడు కోల్పోయిన వారపు సెలవులకు సమానమైన సంఖ్యలో పరిహార సెలవులను ఆ నెలలో గానీ, తరువాతి రెండు నెలల లోపల గానీ ఇవ్వాలని ఆదేశించింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో కూడా ఇదే గడువు కనిపిస్తుంది. ఈ రెండు నెలలు యజమానికి విధించిన గడువు. ఆలస్యం చేయకుండా సెలవు ఇచ్చి తీరాలని దాని భావం. కంపెనీ విధానపత్రంలోకి వచ్చేసరికి అది ఉద్యోగికి విధించిన గడువుగా మారిపోయింది. అప్పు తీర్చవలసినవాడు తానే వాయిదా తేదీ పెట్టి, ఆ తేదీ దాటగానే అప్పిచ్చినవాడి పత్రం చెల్లదని ప్రకటించినట్టుంది ఈ వ్యవహారం.

ఎక్కడైనా ఒక కంపెనీ ఉదారంగా డబుల్ ఇస్తామని ఒప్పుకుంటే, అప్పుడు గుణకారం పని భాగహారం చేసిపెడుతుంది. నెలకు మొత్తం 18,200 రూపాయల వేతనం, వారానికి ఒక ఆఫ్ ఉన్న ఒక ఆపరేటరును ఊహించుకుంటే, ఆ మొత్తాన్ని 26 పనిదినాలతో భాగించినప్పుడు రోజు వేతనం 700 రూపాయలవుతుంది. గ్రాట్యుటీ లెక్కలో నెలను 26 రోజులుగా తీసుకునే పద్ధతి ఉండనే ఉంది. నెల జీతంలో పండగ రోజు వేతనం ఒక పాలు ఎలాగూ కలిసే ఉంటుంది కనుక, రెట్టింపు కావడానికి విడిగా చేతికి రావలసింది మరో 700 రూపాయలు. కంపెనీ మాత్రం ఆ 18,200లో సగమైన 9,100 రూపాయల బేసిక్‌ను మాత్రమే వేతనంగా గుర్తించి, మిగిలిన సగానికి రకరకాల అలవెన్సుల పేర్లు పెట్టి పక్కన కూర్చోబెట్టి, ఆ బేసిక్‌ను 30తో భాగిస్తుంది. అప్పుడు రోజుకు 303 రూపాయల చిల్లర తేలుతుంది. దాన్ని రెట్టింపు చేసినా 607 రూపాయలు దాటదు, అంటే కంపెనీ వారి రెండింతలు ఉద్యోగి అసలు ఒంటి వేతనాన్నైనా అందుకోదు. అందులోనూ ఒక పాలు జీతంలోనే ఇచ్చేశామంటారు కనుక, పే స్లిప్ మీద 'హాలిడే డబుల్' అన్న ఘనమైన శీర్షిక కింద 303 రూపాయలు దర్శనమిస్తాయి. శీర్షిక చూసి సంతోషించాలా, అంకె చూసి లెక్కలు మరచిపోవాలా అన్నది ఉద్యోగి ఇష్టానికే వదిలేశారు. ఎంపిక హక్కు అంటూ అతడికి నికరంగా దక్కినది ఇదొక్కటే.

రాత్రి షిఫ్టు విషయంలో పంచాంగకర్తలు కూడా టైమ్ ఆఫీసు దగ్గర శిష్యరికం చేయవలసి ఉంటుంది. 2025లో విజయదశమి అక్టోబరు 2న, గురువారం నాడు వచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నడిచే సీ షిఫ్టులో ఒక కార్మికుడు ఒకటో తేదీ రాత్రి చేరి రెండో తేదీ ఉదయం దిగాడనుకుంటే, అతడు చేసిన ఎనిమిది గంటలలో ఆరు గంటలు దసరా తేదీలోనే ఉన్నాయి. షిఫ్టు అర్ధరాత్రి దాటినప్పుడు ఏం చేయాలో ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షను వారపు సెలవుల సందర్భంలో చెప్పింది: అర్ధరాత్రి తరువాతి గంటలను ముందు రోజు ఖాతాలోనే వేయాలి, ఆ కార్మికుడికి పూర్తిరోజు సెలవంటే షిఫ్టు ముగిసిన క్షణం నుంచి మొదలయ్యే 24 గంటలు. ఇదే కొలతను పండగకు కూడా వాడితే ఆ రాత్రి ఒకటో తేదీ పనిగానే లెక్కకు వస్తుంది, అందులో అన్యాయమేమీ లేదు. కానీ అదే కొలత ప్రకారం రెండో తేదీ రాత్రి 10 గంటలకు చేరి మూడో తేదీ ఉదయం దిగినవాడి ఎనిమిది గంటలూ పండగ పనే కావాలి. ఇక్కడ టైమ్ ఆఫీసు అకస్మాత్తుగా గడియారం తీసి, 'పండగలో మీరు చేసింది రెండు గంటలే కదా' అంటుంది. మొదటి రాత్రికి పంచ్ కొట్టిన తేదీ ప్రమాణం, రెండో రాత్రికి అర్ధరాత్రి ప్రమాణం. రెండు రాత్రులకూ పండగ తగలకుండా కాపాడడమే లక్ష్యం. ఒక సంస్థ ఏ కొలత వాడుతున్నదన్నది కాక, రెండు రాత్రులకూ ఒకే కొలత వాడుతున్నదా అన్నదే ఇక్కడ పట్టి చూడవలసిన గుర్తు.

ఆ సంవత్సరపు దసరాకు మరో విశేషం ఉంది: అది గాంధీ జయంతినాడే వచ్చింది. పండగ సెలవుల జాబితాను ఖరారు చేసేనాడు దసరాను మామూలుగా చేర్చుకున్న ఫ్యాక్టరీలో రెండు సెలవులు ఒకే రోజున కలిసిపోయి, ఉద్యోగికి ఏడాదిలో ఒక సెలవు తరిగిపోయింది. కార్మికులను సంప్రదించాలని చట్టం పెట్టిన నిబంధన ఇటువంటి చోటనే పనికొస్తుంది. జాబితా తయారయ్యేనాడు పంచాంగం ముందు పెట్టుకుని, దసరా బదులు మరో పండగను అడిగి ఉంటే ఆ రోజు నష్టపోనవసరం లేదు. చాలాచోట్ల సంప్రదింపు అంటే నిరుటి జాబితా మీద తేదీలు మార్చి, నోటీసు బోర్డుకు గుండుసూదితో గుచ్చడమే.

ఇక ఐచ్ఛిక సెలవులది మరింత సున్నితమైన కళ. సాధారణ సెలవు కార్యాలయం మొత్తానికీ వర్తిస్తుంది. ఐచ్ఛిక సెలవును ప్రకటిత జాబితాలోంచి ఉద్యోగి ఎంచుకుని, ముందుగా దరఖాస్తు పెట్టి, మంజూరు చేయించుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగులకు జాబితా ఎంత పొడవున్నా ఏడాదికి ఐదుకు మించకుండా వాడుకునే వీలుంది. షిఫ్టులు లేని కార్యాలయంలో ఇది చక్కగానే నడుస్తుంది. మూడు షిఫ్టుల ఆసుపత్రి వార్డులో వరలక్ష్మీ వ్రతం శుక్రవారానికి నలుగురు నర్సులూ దరఖాస్తు పెడితే, ఒకరికి మంజూరై ముగ్గురికి తిరస్కరణ తప్పదు. అసలు కిటుకు ఇక్కడుంది: నిర్ణీత సెలవునాడు పనిచేస్తే పరిహారం పుడుతుంది, మంజూరు కాని ఐచ్ఛిక సెలవు సెలవే కాలేదు కనుక దానికి పరిహారం పుట్టదు. ఈ రహస్యం గ్రహించిన ప్రైవేటు సంస్థలు చట్టం విధించిన కనీస సంఖ్యకు మించి తామిచ్చే పండగలను నిర్ణీత జాబితాలోంచి తీసి 'ఫ్లోటింగ్' జాబితాలోకి మార్చి, ఉద్యోగుల స్వేచ్ఛను విస్తరించామని ప్రకటిస్తాయి. పండగల సంఖ్య తగ్గలేదు, వాటిని ఇవ్వనందుకు చెల్లించవలసిన ధర మాత్రం సున్నా అయింది.

బాయిలరు దసరాకు ఆగదు, ఐసీయూ సంక్రాంతికి మూతపడదు అన్న యాజమాన్యాల వాదన నిజమే. ఆ నిజం తెలిసే చట్టం వాటిని ఆపమనలేదు, పండగనాడు పనిచేయించుకోవడానికి ఒక ధర మాత్రం పెట్టింది. ఆ ధర అందుతున్నదో లేదో తేల్చుకోవడానికి పెద్ద విచారణ అక్కరలేదు: 24 గంటల ముందు వచ్చిన నోటీసు, ఉద్యోగి ఎంపిక నమోదైన కాగితం, ఇచ్చిన బదులు సెలవు తేదీ రాసిన మస్టరు అనే మూడూ ఉంటే లెక్క సరిగా ఉన్నట్టు, ఏదో ఒకటి లేకపోతే సీ-ఆఫ్ గాలిలో ఉన్నట్టు. నోటీసు అడుగున 'రెట్టింపు వేతనం' అని ఒక గడి, 'ఫలానా తేదీన సెలవు' అని మరో గడి అచ్చువేసి, టిక్కు పెట్టే పెన్ను ఉద్యోగి చేతికిస్తే సగం వివాదం అక్కడే తీరిపోతుంది. మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడి జీతంలో ఎంత కోయాలో అదే రాత్రి లెక్కగట్టగలిగిన సాఫ్ట్‌వేర్‌కు ఆ రెండు గడులు చేర్చడం సాధ్యం కాలేదంటే, అడ్డుపడుతున్నది సాంకేతిక సమస్య మాత్రం కాదు.