అయ్యా, మీ ప్రకటన చూసి...

"మీ ప్రకటన చూసి దరఖాస్తు చేసుకుంటున్నాను. నేను కష్టపడే స్వభావం గలవాడిని." ధర్మవరం కుర్రాడి ఈ మొదటి వాక్యాలు హిందూపురం మిల్లుకూ వెళ్లాయి, పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియాకూ వెళ్లాయి. మారాల్సింది పైన చిరునామా ఒక్కటే. రెండోసారి అదీ మార్చడం మరిచాడు! ఇక కష్టపడే స్వభావమంటావా, బద్ధకస్తుణ్నని ఎవరైనా రాసుకుంటారా నాయనా?

అసలు సరుకు ఉత్తరం అడుగున నక్కి ఉంది: ఇంట్లో పట్టు మగ్గం. దాన్ని పైకి లాగితే కియా ఉత్తరం ఇలా ఉంటుంది: "పడుగులో ఒక్క పోగు తెగినప్పుడు చూసుకోకపోతే చీరలో గీత పడుతుంది. దాన్ని మగ్గం మీదే పట్టుకోవడం ఆరేళ్లుగా నా పని. మీ పెయింట్ తనిఖీకి ఆ కన్నే కావాలి."

ఇది మిల్లు గుమాస్తా ఉద్యోగానికి పంపితే చెల్లదు, అదే దీని గొప్ప. మగ్గం ఎక్కనివాళ్లు మాత్రం కాపీ కొట్టకండి. ఇంటర్వ్యూలో పడుగేదో పేకేదో అడుగుతారు.