ఐదు వేల లాంటిది పంపుతున్నాం, అందుకోండి

ఒక ఆన్‌లైన్ చీరల కొట్టువాళ్ల నిర్ణయం చూడండి. పండక్కి వంద చీరల కేటలాగ్ పెట్టి, వందకీ ఒకటే వివరణ అంటించారు: రాయల్ లుక్, ప్రీమియం సిల్క్ బ్లెండ్, పోచంపల్లి స్టైల్, ట్రెండింగ్, పార్టీ వేర్. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, సరుకులో కొంచెం తేడా ఉండొచ్చు, పూచీ మాది కాదు అని ఒక మాట. జనం గోల పెడితే, ఇకమీదట కూడా ఇదే పద్ధతి అని తేల్చేశారు.

భేషైన పద్ధతి. కొనేవాళ్లం మనం కూడా దీన్నే పాటిద్దాం.

చీర ధర ఐదు వేలా? డబ్బు పంపేటప్పుడు ఇలా రాయండి: "రాయల్ లుక్ ఉన్న ప్రీమియం మొత్తం పంపాం. ఇది రూపాయి బ్లెండ్. మీ ఫోన్ తెర వెలుతురును బట్టి మొత్తంలో కొంచెం తేడా కనిపించవచ్చు." బ్లెండులో రూపాయి పాలెంత అని వాళ్లు అడగరాదు. సిల్కు పాలెంతో వాళ్లు మనకు చెప్పారా?

నోట్లే కావాలంటే రిజర్వు బ్యాంకు స్టైల్ నోట్లు పంపుదాం. ముందువైపు గాంధీగారు నిక్షేపంగా ఉంటారు, తిప్పితే పాలిపోయిన కాగితం. వాళ్ల ఇక్కత్ చీరా అంతేగా! ముందు నిండుగా పూలు, తిరగేస్తే వెలిసిపోయినట్టు లేత రంగు. అది ప్రింటు. అసలు ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు గీత గీసినట్టు కాక కాస్త చెదిరినట్టు ఉంటుంది.

ఇక కీవర్డ్‌లు. వాళ్లు ఒకే చీరకు కంచి, గద్వాల, ఉప్పాడ, బెనారస్ అన్నీ తగిలించారు, ఎవరు ఏది వెతికినా ఇదే తగలాలని. మనం కూడా చెల్లింపు కింద నగదు, చెక్కు, బంగారం, పది ఎకరాల మాగాణి అని రాసేద్దాం. వాళ్లు ఏది వెతుక్కున్నా మన రశీదే దొరుకుతుంది.

అప్పుడు వాళ్ల లెక్కల గుమాస్తా ఫోను చేస్తాడు. "మేడమ్, ఎంత పంపారు? ఏ ఖాతా నుంచి? ఏ తేదీన? లావాదేవీ నంబరు చెప్పండి." ఎవరినైనా ఇదే వరసలో అడుగుతాడు, ఒక్క గడి ఖాళీగా వదలడు. చూశారా, పద్ధతి తెలియక కాదు! డబ్బు రావలసిన చోట పట్టిక ఉంది, సరుకు ఇవ్వవలసిన చోటే రాయల్ లుక్.

ఆ పట్టికనే చీరకు పెట్టండి. వాక్యాలు తర్వాత, ముందు చీర చేతిలో పట్టుకుని గడులు నింపండి: పడుగు దారం, పేక దారం, మగ్గమా పవర్‌లూమా ప్రింటా, జరీ, పొడవు, రవికె గుడ్డ, ఉతుకు, లోపం. వంద చీరలకూ ఇదే వరస. జరీ లేకపోతే గడి ఎగరగొట్టకుండా "జరీ లేదు" అని రాయాలి. ఖాళీ గడి చూసిన మనిషి ఉందేమో అనుకుంటుంది. దారం మీద అనుమానమొస్తే రెండు పోగులు లాగి కాల్చండి. పట్టు వెంట్రుకలు కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అలా నింపితే వాళ్ల ఇక్కత్ చీర ఇలా తేలుతుంది: "పాలియెస్టర్ చీర, ఆకుపచ్చ, ఇక్కత్ డిజైన్ ప్రింటు. పడుగు, పేక రెండూ పాలియెస్టర్. పవర్‌లూమ్ నేత. జరీ లేదు. చీర 5.5 మీటర్లు, రవికె గుడ్డ 80 సెంటీమీటర్లు. ఇంట్లో ఉతకొచ్చు. వెనకవైపు రంగు లేతగా ఉంటుంది." ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? రోజూ కట్టుకోవడానికి తేలికైన, ఇస్త్రీ గోల లేని చీర కావాలని ఇవే మాటలు కొట్టి వెతికేవాళ్లు బోలెడుమంది. కీవర్డ్ అంటే అదే, సరుకులో నిజంగా ఉన్నది, కొనేవాళ్లు నిజంగా వెతికేది.

ఇక వెటకారం చాలు. పోచంపల్లిలో ఇంటిల్లిపాదీ కూర్చుని, నేతకు ముందే లెక్క ప్రకారం దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మళ్లీ ముంచి, ఆ పువ్వు తప్పిపోకుండా మగ్గం మీద జత చేస్తారు. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉన్నది అందుకే. ఆ పేరు పక్కన "స్టైల్" అని ఒక్క ముక్క తగిలించి ప్రింటు గుడ్డ అమ్మడం వివరణ కాదు, దొంగతనం. అది కొన్నావిడ సొమ్ము తింటుంది, నేసినవాడి కూడూ తింటుంది. ఒకసారి మోసపోయినావిడ రేపు అసలు చీర ధర చూసి కూడా ఇదీ అంతేనని తెర మూసేస్తుంది.

దారం పేరు, నేత పద్ధతి రాయని చీరను కొనకండి. ఎంత అందంగా ఉన్నా సరే.