గోదావరిలో గోదావరి దాటిన రాత్రి

విశాఖలో మా బావమరిది కొడుకు పెళ్లి. హైదరాబాదు నుంచి ఏ బండిలో వెళ్లాలనే దగ్గర మా ఇల్లు రెండు పార్టీలైంది. నాది గోదావరి ఎక్స్‌ప్రెస్ పార్టీ. సాయంత్రం అయిదు దాటాక ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ, ఒక పగలు మిగులుతుంది. మా ఆవిడది జన్మభూమి పార్టీ. పొద్దున ఎక్కి కూర్చుని, కళ్లారా చూస్తూ పోవాలి.

"ఏమండీ, గోదావరి పేరున్న బండెక్కి గోదావరిని చూడకుండా పోవడమేమిటి?" అంది. ఆ మాట నిజమే. 1974లో మొదలైన ఆ బండి విశాఖ వెళ్లేటప్పుడు రాజమండ్రి వంతెన ఎక్కేది అర్ధరాత్రి దాటాకే. కానీ సెలవు తక్కువ, ముహూర్తం మర్నాడే. నా పార్టీ గెలిచింది. వంతెన మీద నదిలో వేయమని ఆవిడ నా చేతిలో ఒక రూపాయి పెట్టింది.

ఎక్కాక నిద్ర లెక్క వేసుకున్నాను. నాకు మధ్య బెర్తు, ఆవిడకు కింది బెర్తు. మధ్య బెర్తు రాత్రి పదికి ముందు ఎత్తకూడదని రూలు. పదింటికి ఎత్తాను. పదకొండు ప్రాంతంలో విజయవాడ. అక్కడ దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, టీ, ఇడ్లీ, "మీది ఏ నంబరండీ?" అంటూ మొహాన టార్చి. ఆ తర్వాత పై బెర్తాయన గురక అందుకున్నాడు. తెల్లవారుజామున దువ్వాడ అనగానే సగం పెట్టె లేచి బ్యాగులు లాగుతుంది. మధ్యలో మిగిలేది నాలుగైదు గంటలు. అందులోంచి గోదావరికి అరగంట తీసేయాలి, అలారం పెట్టుకున్నాను గదా.

భద్రత శాఖ ఆవిడది. సూట్‌కేసును కింది బెర్తు అడుగునున్న ఇనుప రింగుకు గొలుసుతో కట్టి, తాళం వేసి, చెవి నా చేతికిచ్చింది. "ఫోను కిటికీ దగ్గర పెట్టకండి, చార్జింగుకు పెట్టి నిద్రపోకండి, పర్సు తలకింద." ఇందులో ఏదీ చాదస్తం కాదు. బండి నెమ్మదించే చోట ఫోన్లు పోతాయని అందరికీ తెలుసు, అయినా అందరూ చార్జరుకు తగిలించే పడుకుంటారు. నేను మాత్రం బుద్ధిగా అన్నీ పాటించాను. చెవి ఎక్కడ పెట్టానన్నది తప్ప అన్నీ గుర్తున్నాయి.

అలారం మోగింది. కొవ్వూరు దాటినట్టున్నాం. గోదావరి వచ్చిందని చీకట్లో కన్ను చెప్పదు, చెవి చెబుతుంది. అప్పటిదాకా నేలమీద గరగరమన్న చప్పుడు ఉన్నట్టుండి కింద డొల్ల ఉన్నట్టు మోగడం మొదలవుతుంది. దాదాపు మూడు కిలోమీటర్లు అదే మోత. కర్టెను తీసి అద్దానికి మొహం ఆనించాను. గోదావరి లేదు, నా మొహమే ఉంది. ఏసీ పెట్టెలో లైటు లోపల, చీకటి బయట. రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుంటే దూరంగా నాలుగు దీపాలు కనిపించాయి. అవి రాజమండ్రివో, ఇంకో వంతెనవో.

"వేశారా?" అంది కింద నుంచి ఆవిడ, కళ్లు తెరవకుండానే.

ఏసీ కిటికీ తెరుచుకోదు గదా. "వేశాను" అన్నాను. రూపాయి జేబులోకి జారింది.

విశాఖలో బండి ఆగింది. అందరూ దిగారు. మా సూట్‌కేసు మాత్రం దిగనంది. చెవి లేదు. బెర్తు కింద దూరాను, దుప్పటి దులిపాను, చొక్కా జేబులు తిరగేశాను. ముందు రూపాయి బిళ్ల పడింది. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. ఆఖరికి చెవి నా మేజోడులో దొరికింది. అది బండికి ఆఖరి స్టేషను కాబట్టి సరిపోయింది. ఏ తునిలోనో దిగాల్సి ఉంటే గొలుసుతోపాటు నేనూ ముందుకు పోయేవాణ్ణి.

ఇక మిగిలిన పగలు సంగతి. బావమరిది ఇంటికెళ్లి కాఫీ తాగి, "ఒక్క పావుగంట" అని నడుం వాల్చాను. లేచేసరికి భోజనాల వేళ. మిగిలిందనుకున్న పగలు అలా రాత్రి ఖాతాకే జమైంది.

తిరుగు ప్రయాణానికి జన్మభూమి టికెట్లు తీసుకున్నాం, సెకండ్ సిట్టింగు, తెరుచుకునే కిటికీ. పగటి బండి నిద్ర పాడుచేయదనుకున్నాను. ఆరు దాటగానే బయల్దేరే బండికి నాలుగింటికే లేపింది ఆవిడ. అయితే తొమ్మిది దాటాక గోదావరి వచ్చింది. అంత ఎండలో, అంత వెడల్పున, ఇసుక తిన్నెలతో సహా. కిటికీ సీటు ఆవిడదే. రూపాయి కూడా ఆవిడే వేసింది, నా జేబులోంచి తీసుకుని.

నేను నిద్రపోతున్నానట.